కొత్త డెవలపర్‌కి మొదటి ఐదు పనులు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి మొదటి రోజు లాప్‌టాప్, ఐడీ కార్డు, మెయిల్ ఐడీ ఇస్తారు. మర్నాడు ఒక సీనియర్ వచ్చి, "ట్రాకర్ యాక్సెస్ వచ్చిందా? అందులో ఏదైనా చిన్న టికెట్ చూసి తీసుకో" అని చెప్పి తన పనిలో పడిపోతాడు. ట్రాకర్ తెరిస్తే వందల టికెట్లు కనిపిస్తాయి. వాటిలో ఏది చిన్నదో, ఏది చిన్నదిగా కనిపించే పెద్ద పనో తెలియాలంటే ఆ ప్రోగ్రామ్ తెలిసి ఉండాలి. అది తెలియదు కాబట్టే కదా చిన్న పని వెతుక్కుంటున్నది! ఇలా వదిలేస్తే కొందరు వారం రోజులు చదువుతూ కూర్చుంటారు. కొందరు ధైర్యం చేసి ఒకటి తీసుకుని, ఎవరూ తేల్చలేక రెండేళ్లుగా పక్కన పెట్టిన చిక్కుముడిలో ఇరుక్కుంటారు.

ఈ ఇబ్బందిని తప్పించే పద్ధతి ఒకటుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. ముందే ఎంచి పెట్టిన నాలుగైదు పనుల జాబితా, దానితో పాటు 'మా ట్రాకర్‌లో ఏది ఎలా రాస్తాం' అని చెప్పే ఒక పేజీ కాగితం. ఇంతే. కానీ ఆ పనులను ఎలా ఎంచాలో, ఆ పేజీలో ఏం ఉండాలో తెలియక చాలా టీములు దీన్ని మొక్కుబడిగా చేసి వదిలేస్తున్నాయి. అసలు విషయమంతా ఆ ఎంపికలోనే ఉంది.

ముందు ట్రాకర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఆసుపత్రిలో పేషంట్‌కి కేస్ షీట్ ఎలాగో, సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లోపానికీ, ప్రతి కొత్త కోరికకూ ట్రాకర్‌లో టికెట్ అలాగ. దానికి ఒక నంబరు, ఒక శీర్షిక, వివరణ, ప్రస్తుతం ఎవరి చేతిలో ఉంది, ఏ దశలో ఉంది, కింద అందరి వ్యాఖ్యలు ఉంటాయి. కంపెనీల్లో ఎక్కువగా జీరా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు 1998 నుంచీ బగ్‌జిల్లా వాడుతున్నారు. అందులో టికెట్ల నంబర్లు 18 లక్షలు దాటాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒక పత్రికాఫీసులో పుట్టి, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చిన జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కి ట్రాక్ అనే ట్రాకర్ ఉంది. దానిలోనూ నంబర్లు 35 వేలు దాటాయి.

ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నుంచి మన ఆఫీసులు నేర్చుకోవలసింది చాలా ఉంది. వాళ్ల దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు జీతం కోసం వచ్చినవాళ్లు కారు. మొదటి రెండు రోజుల్లో దారి దొరక్కపోతే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు. అందుకని కొత్తవాళ్లకి తగిన పనులను విడిగా గుర్తుపెట్టి ఉంచడం వాళ్లకి అలవాటైంది. జాంగోలో అలాంటి టికెట్ మీద `Easy pickings` అని గుర్తు పెడతారు. మొజిల్లాలో `good-first-bug` అనే గుర్తుతో పాటు, సందేహం వస్తే అడగవలసిన మనిషి పేరు రాయడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. లిబ్రేఆఫీస్ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎవరైనా ఒక పనిని 'ఇది తేలికైనది' అని ప్రతిపాదిస్తే సరిపోదు. అనుభవం ఉన్న డెవలపర్ చూసి ఒప్పుకునేవరకూ దాని మీద `needsDevEval` అన్న గుర్తు ఉంటుంది. కోడ్‌లో ఎక్కడ చూడాలో కూడా ఆ టికెట్‌లో రాయాలి.

ఈ చివరి సంగతి నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. తేలిక అనేది టికెట్ శీర్షిక చూసి చెప్పగలిగేది కాదు. ఎవరో ఒకరు కోడ్ తెరిచి, మార్పు ఎన్ని ఫైళ్లలో పడుతుందో చూసి, 'అవును, ఇది అవసరమే' అని టీములో అందరూ ఒప్పుకున్నదేనా అని సరిచూశాకే ఆ మాట అనాలి. ట్రాకర్ అడుగున మిగిలిపోయిన పాత టికెట్లు చూడటానికి చిన్నవిగా ఉంటాయి. కానీ అవి మిగిలిపోవడానికి ఒక కారణం ఉంటుంది. ఆ బటన్ ఏ రంగులో ఉండాలో ఇద్దరు మేనేజర్లకు పడలేదనో, అది మారిస్తే ఇంకెక్కడో పగిలిందనో, అలాంటిదేదో ఒకటి. అది ఎవరూ రాసిపెట్టరు. అలాంటిది కొత్తవారి చేతిలో పెడితే వాళ్లు కోడ్‌తో కాదు, తెలియని పాత తగాదాతో తలపడతారు.

ఏ పని తర్వాత ఏ పని

జాబితాలో ఐదు పనులు చాలు. ఒక్కో పనీ ఒక్కో కొత్త సంగతి నేర్పేలా, ముందు పనిలో నేర్చినది తర్వాత పనిలో అక్కరకొచ్చేలా వరుస పెట్టాలి. ఉదాహరణకి, ఆసుపత్రులకు ఓపీ టోకెన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న టీమును ఊహించుకుందాం. పేషంట్ ఇంట్లో కూర్చుని ఫోన్‌లో టోకెన్ బుక్ చేసుకుంటాడు. ఆసుపత్రి కౌంటర్లో ఉన్నవాళ్లకి ఆ రోజు జాబితా స్క్రీన్ మీద కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ జాంగోలో రాశారు. ఆ టీములోకి ఇంజినీరింగ్ పూర్తిచేసిన ఒక అమ్మాయి కొత్తగా చేరింది.

మొదటి టికెట్: సెటప్ సూచనల ప్రకారం ప్రోగ్రామ్‌ని తన లాప్‌టాప్‌లో నడిపించి, సూచనలు ఎక్కడ పనిచేయలేదో అక్కడ ఆ వాక్యాన్ని సరిదిద్దాలి. ఇది మామూలుగా ఎవరూ టికెట్‌గా రాయరు. రాయాలి. ఎందుకంటే ఈ పని కొత్తవారు తప్ప ఇంకెవరూ సరిగ్గా చేయలేరు. సీనియర్ల లాప్‌టాప్‌లలో కావలసినవన్నీ ఎప్పుడో ఎక్కించేసి ఉంటాయి. సూచనల్లో పైథాన్ పాత వెర్షన్ రాసి ఉందనీ, డేటాబేస్‌లో నమూనా డేటా వేసే అడుగు ఒకటి తప్పిపోయిందనీ వాళ్లకి కనిపించదు. అమ్మాయి ఎక్కడ ఆగిందో అక్కడే తర్వాత చేరేవారూ ఆగుతారు. రెండు రోజులైనా ప్రోగ్రామ్ నడవకపోతే లోపం ఆమెది కాదు, సూచనలది. అప్పుడు ఒక సీనియర్ పక్కన కూర్చుని నడిపించి, ఆ తేడా ఆమె చేతే రాయించాలి.

రెండో టికెట్: రిజిస్ట్రేషన్ పేజీలో ఒక మాట తప్పుగా పడింది, సరిచేయాలి. ఇందులో ప్రోగ్రామింగ్ ఏమీ లేదు. ఆ ఒక్క అక్షరం లాప్‌టాప్ నుంచి బయల్దేరి, రివ్యూ దాటి, ఆటోమేటిక్ టెస్టులు దాటి, స్టేజింగ్ సర్వర్ మీదుగా ఆసుపత్రి స్క్రీన్ దాకా ఎలా చేరుతుందో ఆమెకి తెలియాలి, అందుకీ పని. కోడ్ పంపడానికి అనుమతి రాలేదు, వీపీఎన్ కలవడం లేదు, టెస్టులు ఎక్కడ చూడాలో తెలియదు లాంటి అడ్డంకులన్నీ ఈ దారిలోనే బయటపడతాయి. అవి అక్షరదోషం దగ్గర బయటపడితే ఎవరికీ నష్టం లేదు. పేషంట్లు క్యూలో నిలబడి ఉన్నప్పుడు బయటపడితేనే కష్టం.

మూడోది నిజమైన లోపం. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

రాత్రి బుక్ చేసిన టోకెన్

కౌంటర్ నుంచి మొదట వచ్చిన టికెట్ ఇలా ఉంది. శీర్షిక: 'డేట్ తప్పు, అర్జెంట్'. వివరణ: 'కొందరు పేషంట్ల టోకెన్ డేట్ తప్పు చూపిస్తోంది. చెక్ చేయగలరు.' దీన్ని ఇలాగే కొత్తమ్మాయికి ఇచ్చి ఉంటే ఆమె తన లాప్‌టాప్‌లో పగలు పదకొండు గంటలకు ఒక టోకెన్ బుక్ చేసి చూసేది. తేదీ సరిగ్గానే వచ్చేది. 'నా దగ్గర బాగానే ఉంది' అని రాసి టికెట్ మూసేసేది. లోపం మాత్రం ఉన్నచోటనే ఉండేది.

స్టార్టర్ జాబితా తయారుచేసే సీనియర్ దీనిమీద ఒక అరగంట వెచ్చించింది. కౌంటర్‌కి ఫోన్ చేసి, తప్పు వచ్చిన టోకెన్లు మూడు చెప్పమని అడిగింది. బుక్ చేసిన సమయాలు చూస్తే ఒకటి రాత్రి 12:40, ఒకటి 2:15, మూడోది తెల్లవారుజామున 4:50. మూడూ ముందు రోజు జాబితాలో పడ్డాయి. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా అనేసరికి అనుభవం ఉన్నవారికి విషయం బోధపడుతుంది. కంప్యూటర్లు సమయాన్ని సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న సమయంలో, దాచుకుంటాయి. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకి మార్చి 5 తెల్లవారుజామున ఒకటిన్నర అయినప్పుడు యూటీసీలో ఇంకా మార్చి 4 రాత్రి ఎనిమిదే. ఆ సమయాన్ని మన సమయంలోకి మార్చకుండా తేదీ మాత్రం తీసుకుంటే మార్చి 4 వస్తుంది. ఉదయం 5:30 దాటాక రెండు తేదీలూ ఒకటే అవుతాయి కాబట్టి పగలు ఎన్నిసార్లు పరీక్షించినా తప్పు కనబడదు.

కోడ్‌లో ఆ చోటు ఇది:

```python
day = booking.created_at.date()
```

మార్చవలసింది ఇలా:

```python
day = timezone.localtime(booking.created_at).date()
```

సీనియర్ ఈ జవాబుని టికెట్‌లో రాయలేదు. రాస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. శీర్షిక మాత్రం మార్చింది: 'రాత్రి 12 నుంచి ఉదయం 5:30 లోపు ఆన్‌లైన్‌లో బుక్ చేసిన టోకెన్ ముందు రోజు జాబితాలో పడుతోంది'. వివరణలో మూడు సంగతులు చేర్చింది. ఎలా చేస్తే లోపం కనిపిస్తుంది, కనిపించవలసింది ఏమిటి, కనిపిస్తున్నది ఏమిటి. కింద ఆ మూడు టోకెన్ల సమయాలు, చూడవలసిన ఫైలు పేరు రాసింది. 'సరిచేసే ముందు ఈ తప్పుని పట్టే టెస్టు ఒకటి రాయి' అని ఒక వాక్యం, సందేహం వస్తే అడగమని తన పేరు. టికెట్ నంబరు 412 అనుకుందాం.

ఇంకో పని కూడా చేసింది, బయటికి కనిపించనిది. ఆ తేదీ జాబితా చూపించేటప్పుడు లెక్కగడుతున్నారా, లేక బుకింగ్ జరిగినప్పుడే డేటాబేస్‌లో ఒక కాలమ్‌లో రాసి దాచుతున్నారా అని చూసింది. చూపించేటప్పుడు లెక్కగడుతున్నట్టయితే ఆ ఒక్క వాక్యం మారగానే పాత టోకెన్లు కూడా సరైన రోజుకి వచ్చేస్తాయి. ముందే రాసి దాచినట్టయితే పాత రికార్డులన్నీ తప్పుగానే మిగులుతాయి. వాటిని దిద్దడం అంటే పేషంట్ల డేటా మీద చెయ్యి వేయడం. అది కొత్తవారి పని కాదు. ఇక్కడ చూపించేటప్పుడే లెక్కగడుతున్నారు కాబట్టి 412 స్టార్టర్ జాబితాలోకి వచ్చింది. ఈ ఒక్క పరిశీలన చేయకపోవడం వల్లే చాలా 'తేలిక' పనులు మధ్యలో బరువెక్కుతాయి.

అమ్మాయి ముందు టెస్టు రాసింది. మార్చి 4 రాత్రి ఎనిమిది యూటీసీ సమయం ఇచ్చి, తేదీ మార్చి 5 రావాలని అడిగింది. టెస్టు విఫలమైంది. అలా విఫలం కావడమే కావాలి. లోపం చేతికి చిక్కిందనడానికి అదే రుజువు. తర్వాత వాక్యం మార్చింది, టెస్టు నెగ్గింది. ఆ ఊపులో ఇలాంటి వాక్యాలు ఇంకెక్కడైనా ఉన్నాయేమోనని కోడ్ అంతా వెతికింది.

"అక్కా, ఇదే `.date()` ఇంకో పదకొండు చోట్ల ఉంది. అన్నీ మార్చేయనా?"

"వద్దు. ఈ టికెట్‌లో ఆ ఒక్కటే. మిగతావాటికి వేరే టికెట్ తెరిచి, అందులో 412 అని రాయి."

"మళ్లీ అదే పని కదా, ఇప్పుడే అయిపోతుందని..."

"వాటిల్లో ఒకటి నెలవారీ రిపోర్టులో ఉంది, చూశావా? అకౌంట్స్ వాళ్లు ఆ లెక్కలే వాడుతున్నారు. నెలాఖరు రాత్రి టోకెన్లు ఒక నెలలోంచి ఇంకో నెలలోకి మారతాయి. ముందు వాళ్లకి చెప్పాలి. అదీగాక ఆ పదకొండూ తప్పేనని ఏముంది? కొన్నిచోట్ల ముందే మన టైంలోకి మార్చి ఉంటారు. ఒక్కోటీ చూడాలి."

ఒక టికెట్‌లో ఒకే మార్పు అన్న నియమం ఆ అమ్మాయికి కాగితం మీద చదివినప్పుడు కాదు, ఇక్కడ అర్థమైంది. ఒకే ఒక వాక్యం మారిన కోడ్‌ని రివ్యూ చేసేవారు నిమిషాల్లో చదవగలరు. ఏదైనా తేడా వస్తే దాన్ని మాత్రమే వెనక్కి తీసుకోవచ్చు. పన్నెండు మార్పులు కలిపి పంపితే, రిపోర్టు తప్పిందని వెనక్కి తీసుకున్నప్పుడు టోకెన్ల లోపం కూడా తిరిగొస్తుంది.

కోడ్ పంపేటప్పుడు ఆమె రాసిన మాట ఇది. జాంగో వాళ్ల పద్ధతినే ఆ టీము వాడుతోంది:

```
Fixed #412 -- Used Indian date for bookings made after midnight.
```

టికెట్‌తో సంబంధం ఉన్నా దాన్ని పూర్తిగా తీర్చని మార్పయితే `Fixed` బదులు `Refs` అని రాస్తారు. ఇది చూడటానికి లాంఛనంలా ఉంటుంది. కానీ రెండేళ్ల తర్వాత ఇంకెవరో ఆ వాక్యం దగ్గర ఆగి, 'ఇంత చుట్టు తిరుగుడు ఎందుకు, నేరుగా `.date()` అంటే పోదా' అనుకుంటారు. `git blame` అని కొడితే ఆ వాక్యం ఏ మార్పుతో వచ్చిందో తెలుస్తుంది, ఆ మార్పుని తెరిచి చూస్తే 412 అన్న నంబరు కనిపిస్తుంది. టికెట్ తెరిస్తే మూడు టోకెన్ల సమయాలు, కారణం, టెస్టు అన్నీ ఉంటాయి. నంబరు రాయకపోతే ఆ వాక్యం ఎందుకు వచ్చిందో చెప్పేవారు ఉండరు. రాసినవాళ్లు అప్పటికి వేరే కంపెనీలో ఉంటారు.

నాలుగో పనిలో డేటాబేస్‌ని తాకాలి. బుకింగ్ ఫోన్‌లో వచ్చిందా, కౌంటర్లో చేశారా అని చూపే ఒక చిన్న గడి లాంటిది. స్క్రీన్, కోడ్, డేటాబేస్ మూడూ ఒక్కసారి చూసినట్టవుతుంది. ఐదోది కారణం ఇంకా తెలియని లోపం. దాన్ని సరిచేయనక్కర్లేదు. ఒక సీనియర్‌తో కలిసి కారణం వెతికి, దొరికింది టికెట్‌లో రాస్తే చాలు. డబ్బు చెల్లింపులు, పేషంట్ల వివరాలు ఎవరు చూడొచ్చో నిర్ణయించే కోడ్, రేపటి విడుదల కోసం ఎదురుచూస్తున్న పనులు, ఈ మూడూ ఎంత చిన్నవైనా జాబితాలోకి రాకూడదు. నేర్చుకునేవారికి తడబడే వీలుండాలి.

ఒక పేజీలో ట్రాకర్ పద్ధతులు

ఇక ఆ కాగితం. జీరాలో టికెట్ ఎలా తెరవాలో, బటన్ ఎక్కడుందో చెప్పే సూచనలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. అవి అందులో అక్కర్లేదు. ఈ టీములో మాత్రమే ఉండే అర్థాలు అందులో ఉండాలి. కొత్తవారిలో చాలామంది ఇంకో కంపెనీ నుంచి వస్తారు. వాళ్లకి ట్రాకర్ వాడటం తెలుసు. ఇబ్బంది కూడా అక్కడే వస్తుంది. పాత ఆఫీసులో `Done` అంటే 'కోడ్ రాసేశాను' అని అర్థం. ఇక్కడ `Done` అంటే 'ఆసుపత్రి సర్వర్‌లోకి వెళ్లింది, చెప్పినవాళ్లు చూసి సరే అన్నారు' అని. అతను కోడ్ రాయగానే `Done` లోకి జరిపితే, కౌంటర్లో ఉన్నవాళ్లు సరైపోయిందనుకుని రాత్రి టోకెన్లు చేత్తో సరిచూసుకోవడం మానేస్తారు. పదం ఒకటే, అర్థాలు రెండు. నష్టం మధ్యలో పేషంట్‌కి.

అందుకని ఆ టీము కాగితంలో దశల గురించి రాసింది ఇంతే: '`To Do`లో ఉన్నది ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్న రోజే మీ పేరు వేసి `In Progress`లోకి జరపండి. రెండు రోజులు దాని మీద పని చేయలేకపోతే పేరు తీసేయండి, అందులో తప్పేమీ లేదు. కోడ్ పంపాక `In Review`. అక్కడి నుంచి ముందుకు జరిపేది రివ్యూ చేసినవారే, రాసినవారు కాదు. `Done` చేసేది సర్వర్‌లో పెట్టినవారు, టికెట్ ఇచ్చినవారి జవాబు వచ్చాక.'

రాసినవారు తమ టికెట్‌ని తామే దాటించకూడదన్నది జాంగో ప్రాజెక్టులోనూ ఉన్న నియమమే. అక్కడ కోడ్ ఇక చేర్చుకోవచ్చు అని చెప్పే దశని `Ready for checkin` అంటారు. ఎంత అనుభవజ్ఞులైనా సొంత మార్పు మీద ఆ గుర్తు తాము పెట్టుకోరు, ఇంకొకరు చూసి పెట్టాలి. కొత్తవారికి ఇది ముందే చెప్పకపోతే, రివ్యూ అంటే తన మీద నమ్మకం లేక పెట్టిందని అనుకునే ప్రమాదం ఉంది. అందరికీ ఒకటే నియమమని కాగితంలో చదివితే ఆ భావన రాదు.

టికెట్ మూసేటప్పుడు రాసే కారణం గురించి కూడా నాలుగు వాక్యాలు ఉండాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అదే లోపం మీద ముందే టికెట్ ఉంటే `duplicate`, కానీ ఆ పాత నంబరు రాయాలి. చేయకూడదని టీము నిర్ణయించినది `wontfix`. దాన్ని కొత్తవారు తమంతట తాము తిరిగి తెరవకూడదు, ముందు చర్చలో అడగాలి. వివరాలు చాలకపోతే `needsinfo`. ఇక `worksforme`, అంటే నా దగ్గర బాగానే ఉంది, దీన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. రాత్రి టోకెన్ల సంగతి చూశాం కదా. ఆ మాట రాసే ముందు ఏ సమయానికి, ఏ డేటాతో, ఏ ఫోన్‌లో పరీక్షించారో టికెట్‌లో రాయమని నియమం పెడితే, 'పగలు 11 గంటలకు పరీక్షించాను' అన్న వాక్యం చూసి కౌంటర్లో ఉన్నవారే 'మాకు వచ్చేవన్నీ రాత్రివి' అని జవాబిస్తారు. టెస్టు పట్టుకోలేనిది ఆ ఒక్క వాక్యం పట్టిస్తుంది.

శీర్షికలో 'అర్జెంట్' రాయకూడదన్నది ఇంకో నియమం. ఎంత ఇబ్బంది కలుగుతోందో చెప్పేది లోపం చూసినవారు. ఏది ముందు చేయాలో నిర్ణయించేది టీమ్ లీడ్. ఈ రెండింటికీ ట్రాకర్‌లో వేర్వేరు గడులు ఉంటాయి. తీవ్రమైన లోపమే అయినా నెలకి ఒకసారి వచ్చేదైతే వెనక్కి జరగొచ్చు. చిన్న లోపమే అయినా రేపు ఇరవై ఆసుపత్రుల్లో కనిపించేదైతే ముందుకు రావచ్చు. కొత్తవారు మొదటి గడి నింపవచ్చు, రెండోదాని జోలికి వెళ్లకూడదు.

సందేహాలు ఎక్కడ అడగాలన్నది చివరిది. పర్సనల్ చాట్‌లో అడిగితే జవాబు త్వరగా వస్తుంది, కానీ అది ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. టికెట్‌లో అడిగితే నెల తర్వాత చదివేవారికి కూడా దొరుకుతుంది. అయితే టికెట్‌లో గాలికి వదిలేసిన ప్రశ్నకి ఎవరూ జవాబివ్వరు. అందుకే మొజిల్లాలో `needinfo` అనే సదుపాయం పెట్టారు. ప్రశ్న రాసి, ఎవరు చెప్పాలో వారి పేరు మీద ఆ గుర్తు వేస్తే, జవాబిచ్చేదాకా అది వారి జాబితాలో ఉంటుంది. జీరాలాంటి వాటిలో పేరు ముందు `@` పెట్టి అడగడం దీనికి దగ్గరగా ఉంటుంది. ఎంతసేపు సొంతంగా వెతకాలి, ఎప్పుడు అడగాలి అన్నది కూడా రాసిపెట్టాలి. ఒక గంట అన్నది నాకు సబబుగా తోస్తుంది. గంటసేపు ప్రయత్నించి, ఏమేం చేసి చూశారో టికెట్‌లో రాసి, అప్పుడు అడగాలి. బిడియస్తులకి ఈ గడువు ఒక అనుమతి. గంటయింది కాబట్టి అడగడం తన బలహీనత కాదు, పాటించవలసిన నియమం.

దారి తప్పితే ఎలా తెలుస్తుంది

జాబితా పనిచేస్తోందో లేదో ట్రాకర్‌లోనే కనిపిస్తుంది. విడిగా మీటింగులు అక్కర్లేదు. ఒక స్టార్టర్ టికెట్ `In Progress`లో మూడు రోజులు ఒక్క వ్యాఖ్యా లేకుండా నిలిచిపోతే, అక్కడ ఎవరో ఇరుక్కుని బయటికి చెప్పలేకపోతున్నారని అర్థం. అప్పుడు "ఎందుకు అవలేదు?" అని కాకుండా "ఏ లైన్ దగ్గర ఉన్నావు?" అని అడిగితే జవాబు వస్తుంది. టికెట్ రివ్యూకీ పనికీ మధ్య నాలుగైదుసార్లు తిరుగుతోందంటే చాలావరకు కోడ్ లోపం కాదు. రివ్యూ చేసేవారి మనసులో ఉన్న ఒక నియమం కాగితం మీద లేదు. ఆ నియమం ఏమిటో కనుక్కుని కాగితంలో చేర్చాలి. సెటప్ టికెట్ వరసగా ఇద్దరికి ఒకేచోట ఆగిందంటే మొదటివారు దిద్దిన వాక్యాన్ని ఎవరూ రివ్యూ చేసి చేర్చుకోలేదన్నమాట.

జాబితాకి ఇంకో జబ్బు ఉంది, అది నెమ్మదిగా వస్తుంది. తేలిక పనులని గుర్తుపెట్టి ఉంచినవాటిని పని తక్కువగా ఉన్న మధ్యాహ్నం సీనియర్లే చేసేస్తుంటారు. వేరే మార్పులో భాగంగా కొన్ని వాటంతటవే తీరిపోతాయి. టికెట్ మాత్రం తెరిచే ఉంటుంది. ఆరు నెలల తర్వాత చేరినవారు అప్పటికే లేని లోపం కోసం ఒక రోజంతా వెతుకుతారు. ఓపెన్ సోర్స్‌లో దీనికి తోడు ఇంకో సమస్య. విద్యార్థులు ఉత్సాహంగా టికెట్ మీద తమ పేరు వేసుకుని, పరీక్షలు రాగానే మరిచిపోతారు. ఆ పేరు చూసి ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని మొదటిసారి ఇలాంటి ప్రాజెక్టులో అడుగుపెట్టే విద్యార్థులు ఒక్క మర్యాద తెలుసుకుంటే మంచిది. పేరు ఉన్నా చాలాకాలంగా కదలిక లేకపోతే 'దీని మీద ఇంకా పనిచేస్తున్నారా?' అని టికెట్‌లో అడిగి, కొన్నాళ్లు చూసి, జవాబు రాకపోతే తీసుకోవచ్చు. అడగకుండా తీసుకోకూడదు, అడిగాక భయపడనక్కర్లేదు.

టోకెన్ల టీము దీనికి ఒక ఏర్పాటు చేసుకుంది. అందరికన్నా చివర చేరినవారిదే ఆ జాబితా బాధ్యత. తర్వాత ఇంకొకరు చేరే వారం ముందు, ఉన్న టికెట్లు ఒక్కోటీ తెరిచి, లోపం ఇంకా ఉందో లేదో తన లాప్‌టాప్‌లో చేసి చూడాలి. లేనివాటిని మూసేయాలి. తగ్గినన్ని కొత్తవి ప్రతిపాదించాలి. ప్రతిపాదించినవాటిని ఒక సీనియర్ కోడ్ తెరిచి చూశాకే జాబితాలో పెడతారు. 412 తర్వాత ఆ అమ్మాయి తెరిచిన టికెట్‌లోని పదకొండు చోట్లను ఆమే ఇలా విడదీసింది. నాలుగుచోట్ల సమయం ముందే మన గడియారానికి మారి ఉంది, వాటిలో మార్పేమీ అక్కర్లేదు. నెలవారీ రిపోర్టు అకౌంట్స్ వారితో మాట్లాడాక ఒక సీనియర్ తీసుకుంది. డాక్టర్ల సెలవుల పేజీ, రిమైండర్ మెసేజ్‌లు, ఇంకో నాలుగు స్క్రీన్లు, మొత్తం ఆరు, ఒక్కోటి ఒక్కో టికెట్‌గా రాసి, ప్రతిదానిలో ఫైలు పేరూ, రాత్రి సమయం ఒకటీ, `Refs #412` అన్న మాటా చేర్చింది. వాటిలో మూడింటికి స్టార్టర్ గుర్తు వచ్చింది.